ప్రతి నెలా ఈఎస్ఐ కోత పడుతుంది, కామెర్లకు మాత్రం పైసలు రావంటున్నరు. తప్పు ఎక్కడ?

మౌల్డింగ్_శీను
జీడిమెట్లల ప్లాస్టిక్ మౌల్డింగ్ మిషన్ ఆపరేటర్‌ని, కాంట్రాక్టు మీద చేస్తున్న. రోజుకు 600, నెలకు 26 డ్యూటీలైతే 15,600. పే స్లిప్‌ల ఈఎస్ఐ అని 117 కట్ అయితది. ఫిబ్రవరి 2 నుంచి 25 దాకా కామెర్లతోని పనికి పోలే. డిస్పెన్సరీల మందులిచ్చిన్రు, సర్టిఫికెట్ గూడ ఇచ్చిన్రు. అది పట్టుకొని బ్రాంచ్ ఆఫీసుకు పోతే కంప్యూటర్ల చూసి "ఏప్రిల్ 22 దాకా నీకు క్యాష్ బెనిఫిట్ లేదు" అన్నరు. నా పక్క మిషన్ మీద చేసేటోనికి జనవరిల టైఫాయిడ్ అయితే పైసలు అకౌంట్ల పడ్డయ్. ఇద్దరిదీ ఒకటే కూలి, ఒకటే కోత. ఇదే కంపెనీల మూడేండ్ల సంది చేస్తున్న. నాకే ఎందుకు రావు?

కొత్తబంగారం
సింపుల్ బ్రో. చేరిన మొదటి తొమ్మిది నెలలు ఈఎస్ఐలో ఏమీ రాదు. మందులు, ఆపరేషన్, డబ్బు ఏదీ ఉండదు. తొమ్మిది నెలలు నిండాక అన్నీ వస్తాయి.

రాత్రిషిఫ్టు
@కొత్తబంగారం మూడేళ్ల నుంచి చేస్తున్నానని ఆయన రాశాడు కదా. మందులు ఇచ్చారని కూడా రాశాడు. మొత్తం చదివి చెప్పు.

జీతాలపద్దు
కొత్తబంగారం చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. తొమ్మిది నెలల నిబంధన జబ్బు చేసినప్పుడు వచ్చే నగదుకు. చికిత్సకు అది వర్తించదు. ఉద్యోగంలో చేరి పేరు నమోదైన రోజు నుంచే కార్మికుడికీ ఇంట్లోవాళ్లకీ డిస్పెన్సరీలో చూస్తారు. శీనుకు మందులు ఇచ్చి నగదు ఇవ్వకపోవడం అందుకే.

అసలు ఆనవాలు ఆ తేదీలో ఉంది. ఏప్రిల్ 22 అనేది ఊరికే వచ్చే తేదీ కాదు. మామూలుగా నగదు కాలాలు జనవరి 1నగానీ జూలై 1నగానీ మొదలవుతాయి. నెల మధ్యలో ఒక తేదీ చూపిస్తోందంటే కంప్యూటర్ నిన్ను కొత్తగా చేరినవాడిగా లెక్క వేస్తోందన్నమాట. ఏప్రిల్ 22 నుంచి తొమ్మిది నెలలు వెనక్కి పోతే జూలై 22 వస్తుంది. శీనూ, పోయిన జూలై 22న ఏం జరిగింది? కాంట్రాక్టర్ మారాడా?

మౌల్డింగ్_శీను
అవునన్నా! పాత కాంట్రాక్టర్ టెండర్ జూన్ నడుమల అయిపోయింది. నెల రోజులు పనిలేక ఊరికి పోయి వానాకాలం నాట్లు చూసుకున్న. కొత్త కాంట్రాక్టర్ జూలై 22న తీసుకున్నడు. ఆధార్, ఫోటో తీసుకొని కొత్త ఈఎస్ఐ కాగితం ఇచ్చిండు. కంపెనీ అదే, మిషన్ గూడ అదే.

జీతాలపద్దు
ఆ కొత్త కాగితం మీద పైన పది అంకెల నంబరు ఉంటుంది. ఇన్సూరెన్స్ నంబరు, మనవాళ్లు ఐపీ నంబర్ అంటారు. పాత కార్డు మీద ఉన్నదీ ఇదీ ఒకటేనా?

మౌల్డింగ్_శీను
ఇంట్ల పెట్టెల ఎతికిన. పాతది వేరే ఉంది. చివరి నాలుగు అంకెలు కలుస్తలేవు.

జీతాలపద్దు
ఇదే తప్పు. ఐపీ నంబరు మనిషికి జీవితాంతం ఒకటే ఉండాలి. కంపెనీ మారినా, కాంట్రాక్టర్ మారినా, ఊరు మారినా ఆ నంబరే వెంట రావాలి. కొత్త కాంట్రాక్టర్ నమోదు చేసేటప్పుడు "ఇంతకు ముందు ఇన్సూరెన్స్ ఉందా" అని స్క్రీన్ మీద అడుగుతుంది. ఉందని చెప్పి పాత నంబరు వేస్తే చాలు. అక్కడ కూర్చున్న కుర్రాడు తొందరలో "లేదు" అని నొక్కేస్తాడు, కొత్త నంబరు పుడుతుంది. దాంతో నీ మూడేళ్ల చందా పాత నంబరు దగ్గరే ఆగిపోయింది. కొత్త నంబరు కింద నువ్వు జూలై 22న పుట్టిన కార్మికుడివి.

ఇక నగదు ఎలా తేలుస్తారో చూద్దాం. సంవత్సరంలో చందా కాలాలు రెండు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. ఏప్రిల్-సెప్టెంబరులో పని చేసిన రోజులను బట్టి తర్వాతి జనవరి-జూన్‌లో నగదు ఇస్తారు. అక్టోబరు-మార్చి రోజులను బట్టి తర్వాతి జూలై-డిసెంబరులో ఇస్తారు. మధ్యలో మూడు నెలల ఎడం ఉంటుంది. నీకు జబ్బు ఫిబ్రవరిలో చేసింది. కాబట్టి మొన్న నవంబరు, డిసెంబరులో ఎన్ని డ్యూటీలు చేశావన్నది లెక్కలోకి రాదు. పోయిన ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నీ పేరు మీద ఎన్ని రోజుల చందా ఉందన్నదే చూస్తారు. అది కనీసం 78 రోజులు ఉండాలి.

ఆ ఆరు నెలల పే స్లిప్పులు చూసి నెలకు ఎన్ని డ్యూటీలో, కూలి ఎంతో రాయి.

బాలయ్య_యూనియన్
శీనూ, ఆ పే స్లిప్పులు పారెయ్యకు బిడ్డా. ఫోన్ల ఫోటోలు తీసి పెట్టుకో. కాంట్రాక్టర్ పోయినంక వాని కాయితం ఎవ్వడూ ఇయ్యడు.

మౌల్డింగ్_శీను
పాత కాంట్రాక్టర్ దగ్గర కూలి 550. ఏప్రిల్‌ల 26, మే నెలల 24, జూన్‌ల 12 డ్యూటీలు. కొత్తాయన దగ్గర 600. జూలైల 9, ఆగస్టుల 25, సెప్టెంబరుల 25.

జీతాలపద్దు
పాత నంబరు కింద 62 రోజులు. కొత్త నంబరు కింద 59 రోజులు. విడివిడిగా చూస్తే రెండూ 78 కన్నా తక్కువే. పైగా కొత్త నంబరుకు తొమ్మిది నెలల గడువు ఒకటి. పాత నంబరు చూపించినా "రోజులు చాలలేదు" అనేవాళ్లు. కలిపితే 121 రోజులు. ఒక చందా కాలంలో ఇద్దరు యజమానుల దగ్గర చేస్తే రెండు చోట్ల రోజులూ కలుస్తాయి. నంబరు ఒకటే అయి ఉండాలి, అంతే.

నీ పక్క మిషన్ అతను బహుశా పాత నంబరు చెప్పి చేరి ఉంటాడు.

మౌల్డింగ్_శీను
ఔ, ఆయన పాత కార్డు చూపిచ్చిండు. నన్ను ఎవ్వరూ అడగలే.

రాత్రిషిఫ్టు
రోజుకు 600లో 70 శాతం అంటే 420. 24 రోజులకు 10,080. శీనూ, వదులుకోవద్దు.

జీతాలపద్దు
70 శాతం సరే. మిగతా రెండు చోట్ల లెక్క తప్పింది.

మొదటిది, ఇప్పటి కూలి తీసుకోరు. ఆ చందా కాలంలో వచ్చిన మొత్తం వేతనాన్ని ఆ రోజులతో భాగించి సగటు తీస్తారు. పాత దగ్గర 62 రోజులు 550 చొప్పున 34,100. కొత్త దగ్గర 59 రోజులు 600 చొప్పున 35,400. మొత్తం 69,500. దాన్ని 121తో భాగిస్తే రోజుకు 574 రూపాయల 38 పైసలు. అందులో 70 శాతం 402 రూపాయల చిల్లర.

రెండోది, జబ్బు మొదటి రెండు రోజులకు ఇవ్వరు. 24లో 22 రోజులకే వస్తుంది. 22 రోజులకు దాదాపు 8,845 రూపాయలు. ఒకసారి నగదు తీసుకున్నాక 15 రోజుల్లోపే మళ్లీ జబ్బు తిరగబెడితే రెండోసారి ఆ రెండు రోజుల కోత ఉండదు. కామెర్లలో అలా తిరగబెట్టడం ఉంటుంది కాబట్టి గుర్తు పెట్టుకో.

ప్రెస్‌షాప్_రమణ
ఈ రెండు రోజుల కోత, 78 రోజులు అంతా తప్పు. నాకు పవర్ ప్రెస్‌లో చూపుడు వేలు చివర నలిగింది. చేరి నెల కూడా కాలేదు. అయినా డబ్బు ఇచ్చారు. రోజులు గిజులు ఎవరూ అడగలేదు.

జీతాలపద్దు
రమణ గారూ, మీది పనిలో జరిగిన గాయం. శీనుది జబ్బు. రెండూ వేరు వేరు ఖాతాలు. పనిలో గాయమైతే చేరిన మొదటి రోజైనా సరే, చందా రోజుల షరతు లేదు. సగటు వేతనంలో 90 శాతం ఇస్తారు. గాయమైన రోజు కాకుండా కనీసం మూడు రోజులు పనికి పోలేని స్థితి ఉండాలి. అలా ఉంటే మొదటి రోజు నుంచే లెక్క, రెండు రోజుల కోత ఉండదు. 91 రోజుల పరిమితి కూడా దీనికి లేదు, కోలుకునే దాకా ఇస్తారు. జబ్బుకైతే వెంటవెంట వచ్చే రెండు నగదు కాలాలకు కలిపి 91 రోజులే.

మీకు 90 శాతమే వచ్చిందా? సర్టిఫికెట్‌లో ఏమని రాశారో ఒకసారి చూడండి.

ప్రెస్‌షాప్_రమణ
కాగితం తీశాను. ప్రమాదం అనే రాసి ఉంది. మాకు పక్క షెడ్‌లో ఒకడికి మాత్రం 70 చొప్పునే వచ్చింది. కాంట్రాక్టర్ "జ్వరం అని చెప్పు, ప్రమాదం అంటే ఇన్‌స్పెక్షన్ వస్తుంది" అని వాడికి నేర్పాడు.

బాలయ్య_యూనియన్
గిదే దొంగతనం. ప్రమాదం అయితే యజమాని ప్రమాద రిజిస్టర్ల రాయాలె, ఫారం 12ల ఈఎస్ఐకి రిపోర్టు పంపాలె. గా రిపోర్టు లేకుంటే అది జబ్బు కిందికే పోతది. రోజుకు 20 శాతం పోవుడు ఒక్కటే కాదు. రేపు వేలు వంగకుంటే, పట్టు తప్పితే శాశ్వత వైకల్యం కింద నెలనెలా వచ్చే పైసలు అడిగే హక్కుకు సాక్ష్యం ఉండదు. డాక్టర్ దగ్గరికి పోంగనే మొదటి మాట "మిషన్ల పడ్డది" అని చెప్పాలె, ఏ మిషనో, ఏ టైమో చెప్పాలె. డాక్టర్ ఏం రాసిండో అక్కడనే చదువుకోవాలె.

కెమికల్_నాగరాజు
డ్యూటీకి వెళ్తున్నప్పుడు రోడ్డు మీద బండి గుద్దితే? అది పనిలో గాయం కాదంటారు మా సూపర్‌వైజర్.

జీతాలపద్దు
ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడూ, పని నుంచి ఇంటికి వచ్చేటప్పుడూ జరిగినదీ పని గాయమే. 2010 సవరణతో అది చట్టంలోకి వచ్చింది. కాకపోతే సమయం, దారి, ఉద్యోగం మూడింటికీ సంబంధం కుదరాలి. షిఫ్టు రెండింటికైతే ఒంటిగంటన్నరకు మామూలు దారిలో జరిగిన ప్రమాదానికి సమస్య రాదు. పొద్దున పదింటికి వేరే ఊళ్లో జరిగితే కష్టం. పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం ఉంచుకోండి.

శీను సంగతికి వద్దాం, అది ఇంకా తేలలేదు.

మౌల్డింగ్_శీను
అన్నా, ఇంకో మాట చెప్పాలె. మొదటి ఐదు దినాలు మా ఊర్ల, నల్లగొండ పక్కన, ప్రైవేటు దవాఖానల ఉన్న. ఏడో తారీకున వచ్చి డిస్పెన్సరీల చూపిచ్చుకున్న. డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఫిబ్రవరి 7 నుంచే ఉంది.

రాత్రిషిఫ్టు
అయితే ఆ ఐదు రోజులు పోయినట్టే. ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ లేని రోజుకు పైసా రాదు.

బాలయ్య_యూనియన్
గంత గట్టిగ చెప్పకు. ఈఎస్ఐ నిబంధనల్ల వేరే సాక్ష్యం తీసుకునే వీలుంది. ప్రైవేటు డాక్టర్ కాయితం, రక్త పరీక్ష రిపోర్టు, బిల్లులు పెట్టి అర్జీ ఇస్తే బ్రాంచ్ మేనేజర్ ఒప్పుకోవచ్చు.

రాత్రిషిఫ్టు
ఒప్పుకోవచ్చు అంటే ఒప్పుకుంటారని కాదుగా. ఇలాంటివి వెనక్కి పంపడం చాలాసార్లు చూశాను. "ఊళ్లో దగ్గర్లో ఈఎస్ఐ డిస్పెన్సరీ ఉంది కదా, అక్కడికి ఎందుకు పోలేదు" అంటారు.

జీతాలపద్దు
ఇద్దరు చెప్పిందీ నిజమే. వీలుంది, కానీ హక్కుగా రాదు. నిర్ణయం ఆఫీసుది. శీనూ, ప్రస్తుతానికి 7 నుంచి 25 వరకూ లెక్క వేసుకో. 19 రోజులు, రెండు తీసేస్తే 17. రోజుకు 402 చొప్పున దాదాపు 6,835 రూపాయలు. ఆ ఐదు రోజులకు వేరే అర్జీ పెట్టు, ఈ క్లెయిమ్‌తో కలిపి ఆపుకోకు. అది తిరస్కరించినా ఇది ఆగకూడదు.

ప్రైవేటులో కామెర్ల పరీక్ష ఏ తేదీన చేశారో ఆ రిపోర్టు ముఖ్యం. బిలిరుబిన్ ఎంత ఉందో, తేదీ ఏంటో దాంట్లో అచ్చయి ఉంటుంది. చేత్తో రాసిన చీటీ కన్నా దానికి బలం ఎక్కువ.

సరళ_గార్మెంట్స్
వేరే సందేహం. మా ఆయనకి మేలో జీతం పెరిగి 21,500 అయింది. 21,000 దాటితే ఈఎస్ఐ ఆగిపోతుందని జూన్ నుంచి కోయడం మానేశారు. ఇది సరేనా?

జీతాలపద్దు
సరి కాదమ్మా. 21,000 పరిమితి 2017 జనవరి నుంచి ఉంది. వైకల్యం ఉన్నవారికి 25,000. అయితే చందా కాలం మధ్యలో దాటితే ఆ కాలం చివరి దాకా కోత కొనసాగాలి, పెరిగిన మొత్తం మీద. మేలో దాటితే సెప్టెంబరు ఆఖరు దాకా కట్టాలి. దానికి తగ్గట్టు తర్వాతి జనవరి-జూన్‌లో చికిత్స, నగదు ఉంటాయి. జూన్‌లోనే ఆపేస్తే ఏప్రిల్, మే రోజులు మాత్రమే మిగులుతాయి, 78 నిండవు. మీరు అడగాల్సింది "ఎందుకు ఆపారు, సెప్టెంబరు దాకా కట్టండి" అని.

సరళ_గార్మెంట్స్
ఆపితే చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చాయని ఊరుకున్నాం. అడుగుతాం.

బాలయ్య_యూనియన్
ఆ నాలుగు రూపాయలు ఎంతమ్మా? 21,500 మీద 162. యజమాని మిగిలిచ్చుకున్నది 699. ఊరికెనే ఆపలే.

కొత్తబంగారం
మాకు 15,600 మీద 624 కోస్తున్నారు. శీనుకు 117 ఏంటి? రాష్ట్రం బట్టి మారుతుందా?

జీతాలపద్దు
మారదు. 2019 జూలై నుంచి దేశమంతా కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 15,600 మీద నీ వాటా 117, యజమాని వాటా 507. రెండూ కలిపితే 624. అంటే యజమాని వాటా కూడా నీ జీతంలోంచే తీస్తున్నారు. యజమాని వాటాను కూలి నుంచి రాబట్టకూడదని చట్టంలో ఉంది, కాంట్రాక్టర్‌కూ అదే మాట. పే స్లిప్‌లో ఆ 624 అచ్చయి ఉంటే అదే సాక్ష్యం.

కొత్తబంగారం
పే స్లిప్‌లో "ఈఎస్ఐ" అని ఒకే గీత, 624. ఇన్నాళ్లూ అదే సరైన లెక్క అనుకున్నా.

బాలయ్య_యూనియన్
ఒక్కనివే పోకు, అట్ల కోసినోళ్లందరూ కలిసి పోండ్రి. ముందు అసలు కంపెనీకి రాయుండ్రి. కాంట్రాక్టర్ కింద చేసినా ఈఎస్ఐ బాధ్యత మొదట అసలు కంపెనీదే. కంపెనీ కట్టి కాంట్రాక్టర్ బిల్లుల నుంచి పట్టుకుంటది. ఆ మాట చెప్పంగనే చాలా మంది హెచ్‌ఆర్‌లు దిగొస్తరు.

కెమికల్_నాగరాజు
కోసింది నిజంగా కట్టారో లేదో ఎలా తెలుస్తుంది? స్లిప్‌లో కోత ఉంటే చాలా?

జీతాలపద్దు
చాలదు. నెల చందా తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో ఐపీ నంబరుతో లాగిన్ అయితే, లేదా ఉమంగ్ యాప్‌లో ఈఎస్ఐ పేజీ తెరిస్తే నెలవారీగా ఎన్ని రోజులు, ఎంత వేతనం, ఎంత చందా అని కనిపిస్తుంది. డబ్బు కట్టారా అన్నది మాత్రమే చూసి మూసేయకండి. రోజుల గడి కూడా చూడండి. 25 డ్యూటీలు చేస్తే 25 పడిందా, లేక 2 అని తప్పుగా కొట్టారా చూడాలి. 78 లెక్క ఆ గడి నుంచే వస్తుంది. సగటు వేతనం కూడా అంతే.

చిన్న పరీక్ష ఒకటుంది. శీనుకు జూలైలో 9 రోజులు, 5,400 రూపాయలు. దాని మీద 0.75 శాతం 40 రూపాయల 50 పైసలు, పై రూపాయికి సర్ది 41 కోస్తారు. స్లిప్‌లో 41 ఉండి వెబ్‌సైట్‌లో వేతనం 3,000 అని, చందా 23 అని ఉంటే కోసిందంతా కట్టలేదన్నమాట.

మౌల్డింగ్_శీను
చూసిన. 41 సరిగ్గనే ఉంది. రోజులు 9, 25, 25 ఉన్నయి. పాత నంబరుతో తెరుస్తే ఏప్రిల్ 26, మే 24, జూన్ 12 అన్నీ ఉన్నయి. ఇప్పుడు రెండు నంబర్లు ఒకటి ఎట్ల చెయ్యాలె?

జీతాలపద్దు
బ్రాంచ్ ఆఫీసులో రెండు నంబర్లనూ కలపమని దరఖాస్తు ఇవ్వాలి. దాంట్లో రెండు నంబర్లూ, ఏ యజమాని దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశావో రాయి. ఆధార్ నకలు, రెండు కార్డుల నకళ్లు, రెండు చోట్లవీ పే స్లిప్పులు జత చెయ్యి. ఇప్పటి కాంట్రాక్టర్ నుంచి "ఈ రెండు నంబర్లూ ఒకే మనిషివి, పొరపాటున కొత్త నంబరు తీశాం" అని కంపెనీ లెటర్ ప్యాడ్ మీద ఒక ఉత్తరం తీసుకో. ఆఫీసు ఏ నంబరు ఉంచితే ఆ నంబరు కాంట్రాక్టర్‌కు రాసి ఇవ్వాలి. లేకపోతే వచ్చే నెల చందా మళ్లీ మూసేసిన నంబరుకు పంపుతాడు.

ఎక్కడ ఆగుతుందంటే పేరు దగ్గర, పుట్టిన తేదీ దగ్గర. పాత కార్డులో "శ్రీను" అనీ, కొత్తదాంట్లో "శ్రీనివాస్" అనీ ఉంటే ఒకే మనిషని కంప్యూటర్ ఒప్పుకోదు. రెండిట్లో ఒకటే ఉన్నాయా చూసి చెప్పు, తండ్రి పేరు కూడా.

మౌల్డింగ్_శీను
పాతదాంట్ల పుట్టిన తారీకు జనవరి 1 అని ఉంది. ఆధార్ల జూన్ 14. కొత్తదాంట్ల ఆధార్ లెక్కనే ఉంది.

జీతాలపద్దు
అనుకున్నాను. పాత రోజుల్లో తారీకు తెలియకపోతే జనవరి 1 వేసేసేవాళ్లు. కలిపే ముందు పాతదాన్ని ఆధార్ ప్రకారం దిద్దించుకోవాలి. ఒకే దరఖాస్తులో రెండూ అడగొచ్చు. కానీ దిద్దుబాటు మొదటి పేరాలో రాయి, కలపడం రెండో పేరాలో రాయి. ఇచ్చినట్టు నీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకో.

రాత్రిషిఫ్టు
ఆలోపు క్లెయిమ్ గడువు దాటిపోదా?

జీతాలపద్దు
అందుకే క్లెయిమ్ ఫారం 9 ఇప్పుడే ఇచ్చెయ్యాలి, నంబర్లు కలిసేదాకా ఆగకూడదు. డిస్పెన్సరీ వాళ్లు ఇచ్చిన మొదటి సర్టిఫికెట్, మధ్యలోవి, ఆఖర్న పనికి పోవచ్చని ఇచ్చిన ఫిట్‌నెస్ అన్నీ కలిపి పెట్టు. మధ్యలో ఒక్క వారం సర్టిఫికెట్ లేకపోయినా ఆ వారం డబ్బు పోతుంది. "నంబర్లు కలిపే దరఖాస్తు పెండింగ్‌లో ఉంది" అని క్లెయిమ్ మీద రాసి దాని నకలు కుట్టు. బ్యాంకు ఖాతా ఏ నంబరుకు జోడించి ఉందో కూడా చూసుకో, డబ్బు నేరుగా ఖాతాకే పోతుంది.

వాళ్లు క్లెయిమ్ తీసుకోము అంటే కారణం కాగితం మీద రాసి ఇమ్మను. నోటిమాటగా "ఏప్రిల్ 22" అన్నది చాలదు.

ప్రెస్‌షాప్_రమణ
ఆ 24 రోజుల్లో కాంట్రాక్టర్ ఏమైనా లీవు జీతం ఇచ్చాడా శీనూ? మాకు ఈఎల్‌లు వాడుకోమంటారు.

మౌల్డింగ్_శీను
మూడు దినాల ఈఎల్ వాడిన్రు అన్నా, ఫిబ్రవరి 23, 24, 25. నేను అడగలే, వాళ్లే వేసిన్రు.

జీతాలపద్దు
అడిగినందుకు మంచిదయింది రమణ గారూ. జీతం తీసుకున్న సెలవు రోజుకు ఈఎస్ఐ నగదు ఇవ్వదు. యజమానిని అడిగి సరిచూసుకుంటారు కూడా. ఆ మూడు రోజులు తీసేస్తే శీనుకు 14 రోజులే మిగులుతాయి, దాదాపు 5,629 రూపాయలు. ఆ మూడు రోజులకు ఈఎల్ జీతం 1,800, ఈఎస్ఐ నుంచైతే 1,206. డబ్బు పరంగా నష్టం లేదు. కానీ మూడు ఈఎల్‌లు ఖర్చయ్యాయి. పంటల టైమ్‌కు ఊరికి పోవాలంటే అవి కావాలి కదా, అందుకని ఏది కావాలో నువ్వే తేల్చుకుని హెచ్‌ఆర్‌కు చెప్పు. రెండూ కలిపి మాత్రం అడగకు.

బాలయ్య_యూనియన్
ఇంకొకటి. కామెర్లని ఇన్ని దినాలు రాలేదని కాంట్రాక్టర్ తీసేస్త అంటే బెదరకు. సిక్ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంల పని నుంచి తీసెయ్యరాదు, శిక్ష వెయ్యరాదు. గా కాలంల ఇచ్చిన తీసివేత నోటీసు చెల్లది.

మౌల్డింగ్_శీను
ఇయ్యాల కాంట్రాక్టర్ ఆఫీసుకు పోయిన. లెటర్ ప్యాడ్ మీద ఇయ్యనన్నడు. "పొరపాటున అని రాస్తే నా మీదికి వస్తది" అంటుండు. ఫారం 9 మాత్రం బ్రాంచ్ ఆఫీసుల తీసుకున్నరు, ముద్ర వేసిచ్చిన్రు.

జీతాలపద్దు
ముద్ర పడింది, అది ముఖ్యం. "పొరపాటున" అనే మాట తీసేసి ఉత్తరం అడుగు. "ఈ కార్మికుడికి పాత ఇన్సూరెన్స్ నంబరు ఉన్నట్టు చూపించాడు, ఇకపై దానిలో చందా జమ చేయడానికి అభ్యంతరం లేదు" అని రాస్తే చాలు. అదీ ఇవ్వకపోతే నువ్వే రాతపూర్వకంగా అడిగి, అడిగిన కాగితం నకలు దరఖాస్తుకు జత చెయ్యి. కంపెనీ హెచ్‌ఆర్‌కు ఒక నకలు ఇవ్వు. బ్రాంచ్‌లో కదలకపోతే ఆదర్శ్‌నగర్‌లోని ప్రాంతీయ కార్యాలయానికి రాయొచ్చు. టోల్ ఫ్రీ 1800-11-2526కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకో.

బాలయ్య_యూనియన్
ఆ కాంట్రాక్టర్ కింద ఇంకెంత మందికి కొత్త నంబర్లు తీసిండో చూడు శీనూ. నీ ఒక్కనికే అయి ఉండదు. అందరి పాత కార్డులు ఒక్క తాన వెయ్యుండ్రి. పది మంది ఉంటే ఒక్క దరఖాస్తు మీద పది సంతకాలతో ఇయ్యొచ్చు, ఒక్కొక్కని పేరు ఎదురుగ రెండు నంబర్లు రాసి.

మౌల్డింగ్_శీను
మా షిఫ్టుల అడిగిన. ఆరుగురివి దొరికినయ్. ఇద్దరివి పాత కార్డులు లేవు, నంబరు గూడ యాదికి లేదు.

జీతాలపద్దు
వాళ్లు ఆధార్ తీసుకుని బ్రాంచ్‌కు పోతే పాత నంబరు వెతికి చెబుతారు. పాత నంబరుకు ఆధార్ జోడించి లేకపోతే పాత కాంట్రాక్టర్ పే స్లిప్ మీద నంబరు ఉందేమో చూడమను. ఎక్కువగా పేరు కింద, యూఏఎన్ పక్కన అచ్చయి ఉంటుంది.